నాలుగు ఉక్కు పట్టీలు, ఒక వంపు: కటానా పదును మీద నా ప్రాజెక్టు డైరీ

మొదటి ఆదివారం

కటానా అనే జపాను పొడవాటి కత్తికి ఉండే వంపు సుత్తెతో కొట్టి తెచ్చిందని చాలాకాలం నమ్మాను. కొంతవరకు అది నిజమే. కానీ జపాను కమ్మరి కత్తిని దాదాపు తిన్నగానే సాగదీసి, లేదంటే కొద్దిపాటి వంపు మాత్రమే ఉంచి, చివర్లో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచుతాడు. ఆ కొన్ని క్షణాల్లోనే కత్తి తనంతట తాను వెన్ను వైపుకి వంగుతుంది. ఉక్కుని ఇలా గట్టిపరిచి పదునెక్కించే ఘట్టాన్ని వాళ్ళు యాకిఇరే అంటారు. వచ్చిన వంపు సోరి. వాదర వెంబడి పొగమంచులా కనిపించే గీత హమోన్. వంపు, గీత రెండూ ఒకే పనిలో పుడతాయి. ఎందుకు పుడతాయో చదివి ఊరుకోకుండా కొలిచి చూడాలని ఈ డైరీ మొదలుపెట్టాను.

నేను చేస్తున్నది కత్తి కాదు. 50 సెంటీమీటర్ల పొడవు, 28 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీలు. వెన్ను మందం 6 మి.మీ., వాదర వైపు 2.5 మి.మీ. మొన తీయను, పదును పట్టను. ఇంత పొడవున్న పదునైన కత్తి చేయాలంటే మన దేశంలో ఆయుధ చట్టం వర్తిస్తుంది. వంపుని కొలవడానికి మొద్దు పట్టీ చాలు.

కొలిమి మా ఊరి బాబాయిది. నలభై ఏళ్ళుగా కొడవళ్ళు, గొడ్డళ్ళు చేస్తున్న మనిషి. జపాను వాళ్ళు వెన్ను మీద మందంగా మట్టి పూసి కత్తిని ముంచుతారని నేను చెప్పిందంతా విని ఒకటే అడిగాడు.

"వాదరే గట్టిపడాలంటే వాదరనే నీళ్ళల్ల ముంచొచ్చు గదరా. కొడవలికి నేను జేసేది అదే. మట్టెందుకు?"

మంచి ప్రశ్న. వాదరను మాత్రమే ముంచినా రెండు రకాల ఉక్కు వస్తుంది. అయితే నీళ్ళ మట్టం తిన్నగా ఉంటుంది కాబట్టి గీత కూడా తిన్నగానే వస్తుంది. పైగా బయట ఉన్న వెన్ను ఎంతసేపు వేడిగా ఉండాలన్నది మన చేతిలో ఉండదు. మట్టి పూస్తే కత్తి మొత్తం ఒకేసారి మునుగుతుంది, ఏ భాగం ఎంత వేగంగా చల్లారాలో మట్టి మందం చెబుతుంది. గీత ఆకారాన్ని కూడా చేత్తో గీసుకోవచ్చు.

అదే వారం, మట్టి

కుమ్మరి దగ్గర తెచ్చిన జిగట మట్టి, మెత్తగా దంచిన కట్టెబొగ్గు పొడి, సానరాయి పొడి కలిపి నానబెట్టాను. జపాను కమ్మరులు వాడే మూడు సరుకులూ ఇవే, పాళ్ళు మాత్రం ఒక్కో గురుపరంపరలో ఒక్కోలా ఉంటాయి. మట్టి ఒక్కటే పూస్తే ఎండేటప్పుడు బీటలు వారుతుంది. బొగ్గు పొడి, రాతి పొడి ఆ కుదింపుని తగ్గిస్తాయి.

వెన్ను మీద 3 మి.మీ. పైగా పూశాను. వాదర మీద పాలలా పలచగా చేసి ఒక్క పూత. వాదర మీద అసలు ఏమీ లేకపోతేనే త్వరగా చల్లారుతుందని అనుకుంటాం. కానీ ఎర్రగా కాలిన ఉక్కు నీళ్ళలో పడగానే దాని చుట్టూ ఆవిరి పొర కమ్ముకుంటుంది, ఆ పొర నీళ్ళని ఉక్కుకి తగలనివ్వదు. పలచటి గరుకు పూత ఉంటే ఆవిరి పొర నిలవకుండా చెదిరిపోతుంది, వాదర ఇంకా వేగంగా చల్లారుతుంది. అంటే ఒకే మట్టి మందంగా ఉన్నచోట దుప్పటి, పలచగా ఉన్నచోట దానికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది.

రెండు రోజులు నీడలో ఆరబెట్టి, తరవాత కొలిమి పక్కన వెచ్చబెట్టాను. తడి మిగిలితే నిప్పుల్లో ఆవిరై పెచ్చులూడుతుంది.

రెండో ఆదివారం, ఒకటో పట్టీ: లారీ కమాను ఉక్కు

బాబాయి దగ్గర ఎప్పుడూ ఉండే ఉక్కు లారీ కమాను పట్టీలే. గొడ్డళ్ళకి అంతకంటే మంచిది లేదంటాడు. దాంతోనే మొదలుపెట్టాం. చీకటి పడ్డాక కాల్చాం, ఎందుకంటే పగటి వెలుగులో కాలిన రంగు కన్నుకి తప్పు చెబుతుంది. జపానులోనూ ఈ పని చీకట్లోనే చేస్తారు. అయస్కాంతం అంటడం మానేసే దాకా కాల్చి, ఇంకొంచెం పైకి తీసుకెళ్ళి, నూనెలో ముంచాం.

మట్టి దులిపి తిన్నని స్కేలు ఆనిస్తే వంపు లేదు. ఆకురాయితో రుద్దితే వాదర మీద జారింది. వెన్ను మీద రుద్దితే అక్కడా జారింది. పట్టీ మొత్తం గట్టిపడింది.

ఇక్కడే అసలు విషయం మొదటిసారి చేతికి తగిలింది. బాగా కాలిన ఉక్కులో కార్బను ఇనుములో కరిగి ఉంటుంది, ఆ స్థితి పేరు ఆస్టెనైట్. మెల్లగా చల్లారితే కార్బను విడిపడి ఇనుముతో పొరలు పొరలుగా సర్దుకుంటుంది. అది పెర్లైట్, మెత్తనిది. సర్దుకునే వ్యవధి ఇవ్వకుండా చల్లారిస్తే కార్బను ఉన్నచోటే ఇరుక్కుని, ఇనుము అల్లికనే సాగదీసి బిగిస్తుంది. అది మార్టెన్‌సైట్, గాజులా గట్టిది. మట్టి చేసే పని వెన్నుకి ఆ వ్యవధి ఇవ్వడమే. కానీ కమాను ఉక్కులో మాంగనీసు, క్రోమియం, సిలికాన్ లాంటివి కలుపుతారు, లోపలి దాకా గట్టిపడాలనే కలుపుతారు. అవి కార్బను విడిపడడాన్ని బాగా ఆలస్యం చేస్తాయి. మట్టి దుప్పటి కింద మెల్లగా చల్లారినా ఆ ఉక్కుకి అది వేగమే. తేడా లేనప్పుడు గీత ఉండదు, వంపూ ఉండదు.

జపానులో ఇసుక ఇనుమునీ కట్టెబొగ్గునీ మట్టి బట్టీలో కరిగించి తీసే తమహగనె ఉక్కులో ఇనుము, కార్బను తప్ప కలుపు లోహాలు దాదాపు ఉండవు. దాన్ని బలహీనత అనుకుంటారు చాలామంది. ఈ పనికి మాత్రం అదే కావాలి. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరిగితే ఫలితం మారిపోయేంత సున్నితమైన ఉక్కు కాబట్టే మట్టితో గీసిన గీత దానిలో నిలుస్తుంది.

మూడో వారం, రెండో పట్టీ: 1095, నూనెలో

తమహగనెకి దగ్గరగా దొరికేది 1095 అనే సాదా కార్బను ఉక్కు. ఒక శాతానికి అటూ ఇటూగా కార్బను, మాంగనీసు అర శాతం లోపు. ఇది పెర్లైట్‌గా మారకుండా ఉండాలంటే 550 డిగ్రీల చుట్టుపక్కల ప్రాంతాన్ని దాదాపు ఒక సెకనులో దాటించాలి. అందుకే వాదర దాటుతుంది, వెన్ను దాటలేదు.

నీళ్ళంటే పగులుతుందన్న భయంతో పలచటి నూనెలో ముంచాను. ఆకురాయి వాదర మీద జారింది, వెన్నుని తిన్నది. చాలా సంతోషించాను. స్కేలు ఆనించి చూస్తే పట్టీ ఒక మిల్లీమీటరు వంగి ఉంది, కానీ వాదర వైపుకి. కటానాకి సరిగ్గా ఎదురు.

బాబాయి తిప్పి తిప్పి చూశాడు. "ఇది కొడవలి వంపు" అన్నాడు.

నూనెలో ముంచిన పట్టీలు ఇలా ముందుకు వంగడం ఈ పని చేసేవాళ్ళకి తెలిసిన సంగతే. వాదర ముందు చల్లారుతుంది, చల్లారితే కుదించుకుంటుంది, అందుకని పట్టీ మొదట వాదర వైపుకే వంగుతుంది. నీళ్ళలోనైనా మొదటి కదలిక అదే. తరవాత వెనక్కి లాగే బలం రావాలి. వాదరకీ వెన్నుకీ మధ్య నూనె తెచ్చిన వేడి తేడా ఆ మొదటి వంపుని తిరగదోయడానికి సరిపోలేదు.

నాలుగో వారం, మూడో పట్టీ: టింగ్

నీళ్ళు. బకెట్టులో అప్పుడే తోడిన బావి నీళ్ళు. పట్టీ మునిగిన రెండు మూడు సెకన్లకి సన్నగా టింగ్‌మని ఒక చప్పుడు, కాసేపాగి ఇంకోటి. బాబాయి మొహం చూడగానే అర్థమైంది.

మట్టి దులిపాక వాదర నుంచి పైకి, వెంట్రుకంత సన్నగా రెండు బీటలు కనిపించాయి. ఒకటి గీత దగ్గరే ఆగింది, ఇంకోటి కొంచెం దాటింది. జపాను వాళ్ళు వాదర మీద ఇలా అడ్డంగా వచ్చే పగులుని హగిరె అంటారు, అది ఉన్న కత్తిని పనికిరానిదిగానే చూస్తారు. బాగుచేసే దారి లేదు.

కారణం వెతికితే నా పనే. ఈ పట్టీ వాదరని 1.5 మి.మీ. దాకా రాశాను, ఎక్కువ సన్నబడింది. రాసేటప్పుడు ఆకురాయి గీతలు అడ్డంగా వదిలేశాను. రెండు బీటలూ సరిగ్గా ఆ గీతల్లోనే మొదలయ్యాయి. నీళ్ళు చల్లగా ఉండడం మూడో తప్పు.

ఒక బీట గీత దగ్గర ఆగడం చూశాక కమ్మరులు వాదర మీద గీసే సన్నటి మట్టి గీతల అర్థం తెలిసింది. వెన్ను మట్టి నుంచి వాదర వైపుకి అక్కడక్కడ దారంలా మట్టి గీతలు దించుతారు. వాటి కింద ఉక్కు మెత్తగా మిగిలిపోతుంది. వీటిని అషి, అంటే కాళ్ళు, అంటారు. పెచ్చు లేస్తే ఆ మెత్తని చోట ఆగాలని. చూడడానికి అలంకారంలా ఉంటాయి కానీ వాటి పని అది.

ఆరో వారం, నాలుగో పట్టీ

ఈసారి తొందర పడలేదు. వాదర 2.5 మి.మీ. దగ్గరే ఉంచి, గీతలన్నీ నిలువుగా వచ్చేలా సానరాయి పట్టాను. మట్టి పూసే ముందు మూడుసార్లు కాల్చి గాలికి చల్లార్చాను, ప్రతిసారీ వేడి కొంచెం తగ్గిస్తూ. కొలిమి వేడికి ముతకబడిన ఉక్కు రేణువులు దీనితో సన్నబడతాయి, లోపలి బిగువులు పోతాయి. ఏడు చోట్ల అషి గీశాను. నీళ్ళు గోరువెచ్చగా, 40 డిగ్రీలు.

వంపు కంటితో చూడాలని పట్టీ చివర 20 సెంటీమీటర్ల ఇనప తీగ నిలువుగా అతికించాను. వాదర కిందికి పెట్టి ముంచినప్పుడు తీగ కొస నీళ్ళ పైన ఉంటుంది. వెనక గళ్ళ కాగితం, ఎదురుగా ఫోను స్లో మోషన్‌లో.

కాల్చేటప్పుడు ఒక సంగతి చూశాను, ఇది చీకట్లోనే కనబడుతుంది. ఎరుపు పాకుతూ ఉండగా ఉక్కు లోపల నీడలాంటి మచ్చలు కదులుతాయి. ఉక్కు ఆస్టెనైట్‌గా మారుతూ వేడిని మింగుతున్న చోటు చుట్టుపక్కల కంటే మసకగా కనిపిస్తుంది. నీడలన్నీ వెన్ను దాకా పాకి మాయమైతే పట్టీ సిద్ధం. అయస్కాంతం అంటడం మానేసినా, నీడ పూర్తిగా పోయేదాకా ఆగాలి. అది పోయాక ఇంకా కాలిస్తే రేణువులు మళ్ళీ ముతకబడతాయి, పగుళ్ళు పిలిచినట్టే. బాబాయి బ్లోయరు తగ్గించి పట్టీని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ రంగు సమం చేశాడు. ఆ ఒక్క పని నా చేతికి ఇంకా రాలేదు.

ముంచాం. ఎనిమిది దాకా లెక్కపెట్టాం. చప్పుడు లేదు.

ఫోనులో తరవాత నెమ్మదిగా చూస్తే ముచ్చటగా కనిపించింది. ముంచగానే తీగ కొస ముందుకి వాలింది, అంటే పట్టీ వాదర వైపుకి వంగింది. ఒక్క క్షణం తటపటాయించినట్టు ఆగింది. ఆ తరవాత వెనక్కి తిరిగి, మొదలైన చోటుని దాటి, చాలాసేపు మెల్లగా వెనక్కే జరిగింది.

నాకు అర్థమైనంతలో జరిగింది ఇది. మొదట వాదర చల్లారి కుదించుకుంటూ వెన్నుని తనతో లాగుతుంది. వెన్ను అప్పటికి ఎర్రగా, మైనంలా ఉంది. ఆ ఒత్తిడికి అది కొంచెం పొట్టిబడి అలాగే ఉండిపోతుంది. తరవాత వాదర 200 డిగ్రీల పరిసరాలకి దిగేసరికి మార్టెన్‌సైట్ అవడం మొదలవుతుంది. మార్టెన్‌సైట్ అదే ఉక్కు పెర్లైట్‌గా ఉన్నప్పటి కంటే దాదాపు ఒక శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకని వాదర పొడుగవుతుంది. తీగ వెనక్కి తిరిగిన క్షణం అది. చివరగా వెన్ను నిదానంగా పెర్లైట్‌గా మారి చల్లారుతూ కుదించుకుంటుంది. వాదర అప్పటికే గట్టిపడిపోయింది, దానితో పాటు కుదించుకోదు. ఇందాక పొట్టిబడ్డ వెన్ను ఇప్పుడు ఇంకా పొట్టిదై పట్టీ కొసని తన వైపు లాక్కుంటుంది. తీగ చివర్లో మెల్లగా జరగడం అందుకే.

కాబట్టి "మార్టెన్‌సైట్ ఉబ్బుతుంది, కత్తి వంగుతుంది" అన్న ఒక్క వాక్యం సగమే. వాదర సాగడం, వెన్ను కుదించుకోవడం రెండూ కలిస్తేనే లెక్క సరిపోతుంది.

మర్నాడు, లెక్క

ముంచిన రాత్రే పట్టీని ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు రెండుసార్లు ఉంచాను. అప్పుడే పదునెక్కిన వాదర కింద పడినా విరుగుతుంది, ఈ మెల్లటి వేడి ఆ పెళుసుని కొంత తగ్గిస్తుంది. పొద్దున్న వెన్ను పక్క స్కేలు ఆనించి, నడిమధ్య ఖాళీని ఫీలర్ గేజ్ రేకులతో కొలిచాను. 5 మి.మీ.

వంపు లోతు `s`, పొడవు `L`, వెడల్పు `w`, వాదరకీ వెన్నుకీ పొడవులో తేడా నిష్పత్తి `e` అనుకుంటే:

```
s = e * L^2 / (8 * w)
e = 8 * 5 * 28 / 500^2 = 0.0045
```

అంటే తేడా 0.45 శాతం. 500 మి.మీ. పట్టీలో వాదర వెన్ను కంటే రెండుంబావు మిల్లీమీటర్లు మాత్రమే పొడుగు. అంత చిన్న తేడా కంటికి స్పష్టంగా కనిపించే వంపు అవుతుంది. ఒక శాతం ఘనపరిమాణం పెరిగితే పొడవులో అది శాతంలో మూడో వంతు. మిగిలింది వెన్ను వాటా అని నా లెక్క.

ఇందులో నాకు బాగా నచ్చింది పొడవు వర్గం. ఇదే తేడా, ఇదే వెడల్పు, 70 సెంటీమీటర్ల కటానా పొడవుకి వేస్తే వంపు 9.8 మి.మీ., దాదాపు ఒక సెంటీమీటరు. 20 సెంటీమీటర్ల వంటింటి కత్తికి వేస్తే ఒక మిల్లీమీటరు కూడా రాదు. మట్టి పూసి పదునెక్కించిన చిన్న కత్తులు గీత చూపించి కూడా వంపు చూపించకపోవడానికి కారణం ఇదే, వాటిలో ఏదో లోపం ఉండి కాదు. కటానాల్లో ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల సోరి కనిపిస్తే, ముంచకముందే సుత్తెతో ఇచ్చిన వంపు కూడా అందులో కలిసి ఉందనుకోవచ్చు. లోపల మెత్తటి ఇనుము పెట్టి పైన గట్టి ఉక్కు చుట్టడం వల్లే కత్తి వంగుతుందని కూడా కొందరు అంటారు. నా పట్టీ ఆసాంతం ఒకే ఉక్కు. అయినా వంగింది.

ఏడో వారం, గీత

వంపు వెంటనే కనబడింది కానీ గీత కోసం పది రోజులు రుద్దాను. నీటి కాగితం 220తో మొదలుపెట్టి 2000 దాకా, ప్రతిసారీ ముందు గీతలకి అడ్డంగా. మధ్యలో ఏమీ కనిపించదు. అద్దంలా మెరుస్తున్నప్పుడు అసలే కనిపించదు. నిమ్మరసంలో నీళ్ళు కలిపి దూదితో తుడిచి, బూడిద రంగు తేలగానే కడిగి, మెత్తటి రాతి పొడితో వేలితో మెల్లగా రుద్దాను. ఏడెనిమిదిసార్లు ఇలా చేశాక గీత పైకి వచ్చింది.

ఇది రంగు గీత కాదు. వాదర వైపు మార్టెన్‌సైట్, వెన్ను వైపు పెర్లైట్, వాటి మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర రెండూ కలగలిసిన చోటు. అక్కడ గట్టి రేణువులు మెత్తటి ఉక్కులో చల్లినట్టు ఉంటాయి. రాయి మెత్తదాన్ని ఎక్కువ తింటుంది, గట్టి రేణువులు సూది మొనంత ఎత్తుగా మిగిలి వెలుగుని అన్ని వైపులా చిమ్ముతాయి. విడివిడిగా కంటికి కనిపించేంత పెద్ద రేణువులైతే జపాను వాళ్ళు నియె అంటారు, మంచులా కలిసిపోయినవైతే నియోయి. నా పట్టీలో ఎక్కువ భాగం నియోయి. ఒక్కచోట, పట్టీ చివర కొంచెం ఎక్కువ కాలిందనుకుంటా, అక్కడ ఇసుక రేణువుల్లా నియె మెరిసింది.

మట్టి అంచుని నేను కోసుగా గీసినచోట గీత గుండ్రంగా వచ్చింది. వేడి మట్టి అంచు దగ్గర ఆగదు, ఉక్కులోంచి పక్కకి పాకుతుంది. ఏడు అషిలలో ఐదు కనిపిస్తున్నాయి. మిగతా రెండూ మరీ సన్నగా గీశాను.

చూడ్డానికి వచ్చిన స్నేహితుడు ఇది మన కోనసముద్రం ఉక్కు మీద కనబడే అలల్లాంటిదేనా అని అడిగాడు. కాదు. నిజామాబాదు జిల్లాలోని ఆ ఊరి ఉక్కుతో చేసిన కత్తుల మీది అలలు ఉక్కు లోపల కార్బను గుమిగూడిన తీరు నుంచి వస్తాయి, అవి కత్తి అంతటా ఉంటాయి. హమోన్ మాత్రం ఒక్కసారి ముంచడంలో పుడుతుంది. మళ్ళీ ఎర్రగా కాల్చి గాలికి వదిలేస్తే పూర్తిగా పోతుంది. యాసిడ్‌తో పైపైన గీసిన దొంగ గీతలు కూడా అమ్ముతారు. అసలైనదాన్ని పైపైన అరగదీసినా, మళ్ళీ మెరుగు పెట్టగానే అక్కడే తేలుతుంది.

ఎనిమిదో వారం

వంపుని ఇంకొంచెం పెంచాలంటే జపాను కమ్మరులు ఎర్రగా కాల్చిన రాగి దిమ్మ మీద వెన్నుని ఆనిస్తారు. అంటే వెన్నుని మళ్ళీ ఒకచోట మెత్తబరచి, చుట్టూ చల్లగా ఉన్న ఉక్కు నొక్కితే పొట్టిబడనిచ్చి, చల్లారేటప్పుడు కుదించుకోనివ్వడం. నీళ్ళలో జరిగినదాని చివరి సగమే ఇది. బాబాయి పాత రాగి ముక్క ఒకటి వెతికి, వెన్ను కూర్చునేలా గాడి కోసిచ్చాడు. వాదర మీద తడిగుడ్డ చుట్టి, నడిమధ్య మూడు చోట్ల వెన్నుని ఆనించి, ప్రతిసారీ నీళ్ళతో చల్లార్చాను.

స్కేలు ఆనించి రేకులు దూర్చితే 5.6 మి.మీ. గీత చెక్కుచెదరలేదు. బాబాయి పట్టీని వెలుగుకి ఎదురుగా పట్టుకుని, కొంచెం కొంచెంగా తిప్పుతూ, గీత ఎక్కడ మాయమై ఎక్కడ తేలుతోందో చాలాసేపు చూశాడు. తరవాత పక్కనున్న కొడవలి తీసి దాని వాదరని కూడా అలాగే వెలుగుకి పెట్టాడు.

"దీనికి గూడ గీతుంటదా?" అన్నాడు.

నీటి కాగితం తీసుకుని రుద్దడం మొదలుపెట్టాం.